ఖేసరి పప్పు: విషం ఒకటే, కాళ్లు పడిపోయేది పేదలకే ఎందుకు?

ఖేసరి పప్పును అప్పుడప్పుడు తిన్నవారికి ఏమీ కాదు. కూరలోనో పకోడీలోనో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తిన్నవారు కూడా మామూలుగానే నడుస్తారు. అదే పప్పు రెండు మూడు నెలలపాటు పూటపూటా ప్రధాన ఆహారమైతే మాత్రం, తినేవారిలో కొందరికి నడుము కింది నుంచి కాళ్లు బిగుసుకుపోతాయి. అలా బిగిసిన కాళ్లు మళ్లీ మునుపటిలా కావు. ఈ జబ్బు పేరు లాథిరిజం. ఎముకలకు, రక్తనాళాలకు వచ్చే మరో రకం లాథిరిజం కూడా ఉంది కాబట్టి, నరాలకు వచ్చే దీన్ని వైద్యులు న్యూరోలాథిరిజం అంటారు.

ఒకే గింజ ఒకరికి ఆహారమై మరొకరికి విషం కావడానికి మోతాదు ఒక్కటే కారణం కాదు. ఈ పప్పు మీదే ఆధారపడిన శరీరంలోకి విషం ఎక్కువగా వెళ్తుంది. ఆ విషాన్ని తట్టుకునే శక్తి కూడా అదే సమయంలో తగ్గుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే జబ్బు బయటపడుతుంది.

ఏ నేలలోనైనా పండే పంట

ఖేసరి శాస్త్రీయ నామం లాథిరస్ సాటివస్. హిందీ ప్రాంతంలో దీన్ని ఖేసరి, తివ్‌రా అని, మరాఠీలో లాఖ్ అని అంటారు. తెలుగులో లంక పప్పు అనే పేరుంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, బిహార్, పశ్చిమ బెంగాల్‌తోపాటు బంగ్లాదేశ్, నేపాల్, ఇథియోపియాల్లో ఇది పాత పంట.

కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే పొలంలో మినుములు చల్లడం తెలుగు రైతులకు అలవాటే. ఛత్తీస్‌గఢ్‌లో ఖేసరినీ అలాగే నిలిచి ఉన్న వరిలో చల్లుతారు. అక్కడ ఈ పద్ధతిని ఉతేరా అంటారు. దుక్కి దున్నక్కర్లేదు, ఎరువు వేయక్కర్లేదు. వరి కోసేశాక నేలలో మిగిలిన తేమతోనే చేను పండుతుంది. నీళ్లు నిలిచినా, వానలు మొహం చాటేసినా ఎంతో కొంత గింజ చేతికొస్తుంది. గింజలో సుమారు నాలుగోవంతు మాంసకృత్తులే. గోధుమ, శనగ ఎండిపోయిన ఏడాది పొలంలో మిగిలేది చాలాసార్లు ఇదొక్కటే. ఈ పంట ప్రమాదమంతా దాని ఈ మంచి గుణంలోనే మొదలవుతుంది.

1830ల మొదట్లో సాగర్ ప్రాంతంలో ఇదే జరిగింది. గోధుమ పంటలు వరుసగా దెబ్బతిన్నాయి. పొలాల్లో తనంతట తాను మొలిచిన ఖేసరి మాత్రం నిలబడింది. జనం దాన్నే తిని బతికారు. ఆ తర్వాత యువకులకు ఉన్నట్టుండి కాళ్లు పడిపోవడాన్ని అక్కడ పనిచేసిన బ్రిటిష్ అధికారి విలియం స్లీమన్ నమోదు చేశాడు. 1844లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ వివరాలున్నాయి. 1873లో ఇటలీ వైద్యుడు కంటాని ఈ జబ్బుకు లాథిరిజం అని పేరు పెట్టాడు.

జబ్బు ఎలా ఉంటుంది

చాలామందిలో ఇది హఠాత్తుగా మొదలవుతుంది. నిన్నటిదాకా పొలం పనిచేసిన మనిషి తెల్లవారి లేవబోతే పిక్కలు బిగుసుకుపోయి, కాళ్లు బరువెక్కి ఉంటాయి. కొందరికి కొన్ని రోజుల ముందు నుంచే పిక్కలు పట్టేయడం, నడుము నొప్పి ఉంటాయి. బాగా కష్టమైన పని చేసిన వెంటనే మొదలైందని చెప్పేవారూ ఉన్నారు. ఆడవారికన్నా మగవారిలో, అందులోనూ వయసులో ఉన్నవారిలో ఇది ఎక్కువ.

మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కాళ్లను కదిలించే ఆజ్ఞలు మోసే పొడవాటి నరకణాలు దెబ్బతినడమే ఇందుకు కారణం. కండరానికి ఆజ్ఞ సరిగా అందదు, అది ఎప్పుడూ బిగిసే ఉంటుంది. మడమలు నేలకు ఆనవు. మునివేళ్ల మీద, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, కత్తెర తెరిచి మూసినట్టు నడుస్తారు. తీవ్రతను వైద్యులు నాలుగు మెట్లుగా చూస్తారు. మొదటి మెట్టువారు కర్ర లేకుండానే నడుస్తారు. రెండో మెట్టులో ఒక కర్ర, మూడో మెట్టులో రెండు కర్రలు కావాలి. చివరి మెట్టువారు చేతుల మీద ఆని పాకుతారు.

పోలియోతో దీన్ని పోల్చి చూస్తే గుర్తుపట్టడం తేలిక. పోలియోలో కాలు మెత్తబడి, సన్నబడి, వేలాడుతుంది. మోకాలి చిప్ప కింద తడితే కదలిక రాదు. లాథిరిజంలో కాలు బిగుసుకుంటుంది, తడితే మామూలుకన్నా గట్టిగా ఎగురుతుంది. స్పర్శ, తెలివి సాధారణంగా చెక్కుచెదరవు. పప్పు మానేస్తే జబ్బు చాలావరకు అక్కడితో ఆగుతుంది, ఆయుష్షు తగ్గదు. అయితే పోయిన నడక తిరిగి రాదు. ఇరవై ఏళ్ల కూలీ మిగతా జీవితమంతా కర్రల మీదే గడపాలి.

విషం ఏమిటి

ఈ జబ్బుకూ ఖేసరికీ సంబంధం ఉందని 19వ శతాబ్దంలోనే తెలిసినా, గింజలోని విషం దొరకడానికి వందేళ్లకు పైగా పట్టింది. 1964లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ దాన్ని గింజ నుంచి విడదీసి, దాని నిర్మాణం తేల్చారు. దాని పేరు బీటా-ఓడాప్. ఇది మాంసకృత్తులలో భాగం కాని, విడిగా ఉండే చిన్న అమైనో ఆమ్లం. నీటిలో తేలిగ్గా కరుగుతుంది.

మెదడులో ఒక నరకణం నుంచి మరొక కణానికి సంకేతం అందించే రసాయనాల్లో గ్లూటమేట్ ముఖ్యమైనది. తలుపుకు తాళంచెవిలా అది కణం మీది గ్రాహకాన్ని తెరుస్తుంది. పని కాగానే తొలగిపోతుంది, తలుపు మూసుకుంటుంది. ఓడాప్ ఆకారంలో గ్లూటమేట్‌ను పోలి ఉంటుంది కాబట్టి అదే తలుపును తెరుస్తుంది. అది చేరినప్పుడు కణం అవసరానికి మించి ఉత్తేజితమవుతుంది. కాల్షియం లోపలికి ఎక్కువగా చేరుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి. ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర పదార్థాలు పేరుకుంటాయి. ఇది ఎక్కువ కాలం సాగితే కణం చచ్చిపోతుంది. చచ్చిన నరకణం స్థానంలో కొత్తది రాదు. పప్పు మానేసినా నడక తిరిగి రాకపోవడానికి కారణం ఇదే.

ఆ హానికర పదార్థాలను అణచడానికి కణంలో గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం ఉంటుంది. దాని తయారీకి గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కావాలి. అది నేరుగా ఆహారం నుంచి రావాలి, లేదా మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి శరీరం తయారు చేసుకోవాలి. సిస్టీన్ ముడిసరుకు కణంలోకి చేరే దారిని కూడా ఓడాప్ అడ్డుకుంటుందని ప్రయోగాల్లో కనిపించింది. అంటే ఇది కణం మీద దాడి చేస్తూనే, దాని కవచం తయారీకీ అడ్డుపడుతుంది.

మొదటి కారణం: మోతాదు లెక్క

గింజలో ఓడాప్ శాతం రకాన్ని బట్టి, నేలను బట్టి చాలా మారుతుంది. లెక్క కోసం అర శాతం అనుకుందాం. ఇంట్లో ఒక మనిషి రోజుకు 40 గ్రాముల కందిపప్పు తింటాడు, అందులో పదోవంతు ఖేసరి కల్తీ ఉంది అనుకుంటే, ఒంట్లోకి వెళ్లే ఖేసరి 4 గ్రాములు, ఓడాప్ 20 మిల్లీగ్రాములు. కూలికి ఖేసరి గింజలే తెచ్చుకుని రోజుకు 400 గ్రాములు తినే మనిషికి అందే ఓడాప్ 2 గ్రాములు. మొదటివాడికన్నా వంద రెట్లు.

కొద్ది మోతాదును మనిషి శరీరం చాలావరకు తట్టుకుంటుంది. ఓడాప్‌ను విడదీసిన ఎస్.ఎల్.ఎన్. రావు తర్వాత హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధన కొనసాగించారు. ఖేసరి తిన్న మనుషుల మూత్రంలో ఓడాప్ చాలా తక్కువగా కనిపించడాన్ని బట్టి, మనిషి శరీరం దాన్ని మార్చి వదిలించుకోగలదని ఆయన బృందం 2004లో సూచించింది. ఖేసరి తినేవారు లక్షల్లో ఉన్నా జబ్బు పడేవారు కొద్దిమందే కావడానికి ఇదొక వివరణ. ఆ శక్తికీ ఒక హద్దు ఉంటుంది. రోజువారీ శక్తిలో మూడోవంతు లేదా అంతకుమించి ఖేసరి నుంచే వస్తూ, అది రెండు మూడు నెలలు సాగితే ప్రమాదం మొదలవుతుందన్నది స్థూలంగా వాడే కొలత. రోజుకు 2,400 కేలరీలు కావాల్సిన కూలీకి మూడోవంతు అంటే సుమారు 230 గ్రాముల గింజ.

ఎవరూ కోరుకోని ఒక ప్రయోగంలో ఈ కొలత నిజమని తేలింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, నేటి ఉక్రెయిన్‌లోని వాప్నియార్కా నిర్బంధ శిబిరంలో యూదు ఖైదీలకు 1942 శరత్కాలం నుంచి రోజుకు 400 గ్రాముల ఖేసరి ఉడకబెట్టి ఇచ్చారు. దాంతోపాటు 200 గ్రాముల బార్లీ రొట్టె, అందులోనూ కొంత పొట్టు. కేలరీల్లో మూడింట రెండొంతులకు పైగా ఖేసరి నుంచే. మూడు నెలలు గడిచి డిసెంబర్ వచ్చేసరికి మొదటి ఖైదీల కాళ్లు పడిపోయాయి. కొన్ని వారాల్లో బాధితులు వందల్లోకి చేరారు. ఖైదీల్లోనే ఉన్న ఆర్థర్ కెస్లర్ అనే వైద్యుడు ఇది లాథిరిజం అని గుర్తుపట్టాడు. ఖైదీలు ఆ తిండిని నిరాకరించాక, 1943 మొదట్లో దాన్ని ఆపారు. అప్పటికే చాలామంది జీవితాంతం వికలాంగులయ్యారు.

రెండో కారణం: పళ్లెంలో లేనిది

పప్పు జాతి గింజలన్నింటిలోనూ గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు తక్కువే. ఖేసరిలో మిథియోనిన్ మరీ తక్కువ. గోధుమ, జొన్న, బియ్యం వంటి ధాన్యాల్లో ఇవి కాస్త మెరుగ్గా ఉంటాయి. అన్నంలో పప్పు కలుపుకున్నప్పుడు ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. ధాన్యం కొనే స్తోమత లేక ఖేసరి ఒక్కటే తినేవారికి ఆ పూడిక దొరకదు. కణం తన రక్షక పదార్థాన్ని తయారు చేసుకునే ముడిసరుకు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఆ రక్షణ ఎక్కువ అవసరమవుతుంది.

ఇథియోపియాలో దీనికి ఆధారం దొరికింది. 1990ల మధ్యలో కరువు తర్వాత అక్కడి ఉత్తర కొండ ప్రాంతంలో రెండు వేలమందికి పైగా ఈ జబ్బు పడ్డారు. జబ్బు పడినవారి తిండినీ, పడనివారి తిండినీ పరిశోధకులు పోల్చి చూశారు. ఖేసరిని విడిగా ఉడికించి, వేయించి, లేదా పచ్చి కాయల్లా తిన్నవారిలో ప్రమాదం ఎక్కువగా ఉంది. ధాన్యాలతో కలిపి తిన్నవారిలో అది తగ్గింది. ఉల్లి, వెల్లుల్లి, అల్లం వంటివి వేసిన పులుసులో తిన్నవారిలోనూ తక్కువే. అంటే కరువు ప్రాంతానికి గోధుమ పంపడం కడుపు నింపడమే కాదు, కాళ్లు కాపాడటం కూడా. ఖేసరిని పూర్తిగా మాన్పించలేని చోట కూడా ఆ గోధుమ పని చేస్తుంది.

మూడో కారణం: కరువు గింజనూ మారుస్తుంది

మొక్కకు నీరు అందనప్పుడు గింజలో ఓడాప్ పెరుగుతుంది. నేలలో జింకు తక్కువైనా పెరుగుతుంది. మామూలు ఏడాది పండిన గింజకన్నా కరువు ఏడాది పండిన గింజే ఎక్కువ విషపూరితం కావచ్చు. జనం దాన్ని ఎక్కువగా తినేది కూడా ఆ ఏడాదే. పక్కన ధాన్యం లేనిది కూడా ఆ ఏడాదే. మూడు ప్రమాదాలూ ఒకే పంటకాలంలో కలుస్తాయి కాబట్టే లాథిరిజం ఎప్పుడూ ఉండే జబ్బులా కాకుండా కరువు వెంట ఉప్పెనలా వస్తుంది.

రీవా: కరువు లేకుండానే కరువు తిండి

మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతంలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ కరువు లేని ఏళ్లలోనూ ఈ జబ్బు కనిపించేది. 20వ శతాబ్దం మధ్యలో రీవా, సత్నా జిల్లాల్లో బాధితులు వేల సంఖ్యలో ఉన్నారు. 1960లలో ఎం.పి. ద్వివేది, బి.జి. ప్రసాద్ రీవా జిల్లాలో చేసిన అధ్యయనం దీని మీద పేరున్న పరిశోధనల్లో ఒకటి.

తెలుగు పల్లెల్లో ఒకప్పటి జీతగాళ్లలాగే, అక్కడ అప్పుకింద భూస్వాముల దగ్గర కట్టుబడి పనిచేసే కుటుంబాలుండేవి. వారికి కూలి డబ్బుగా కాక గింజలుగా ముట్టేది. ఆ గింజల్లో ఎక్కువ భాగం ఖేసరి. గోధుమ, శనగ అమ్మితే డబ్బొస్తుంది, చవకైన ఖేసరి కూలీల గిన్నెలోకి పోతుంది. ఖేసరి అదే ఊళ్లో భూస్వామి ఇంటా ఉండేది, కాకపోతే పలు వంటకాల్లో ఒకటిగా. జబ్బు పడేది కూలీ ఇంటివాడే. ఆ ఇంట కాళ్లు పడిపోయిన మనిషి సంపాదన పోగానే, ఆ ఇల్లు మరింత చవక గింజ మీద ఆధారపడాల్సి వచ్చేది. ఖేసరిని ఎంత తినాలో నిర్ణయించింది ఆకలి ఒక్కటే కాదు, కూలి ఇచ్చే పద్ధతి కూడా. వెట్టి బలహీనపడి, కూలి డబ్బుగా ముట్టడం పెరిగి, గోధుమ, బియ్యం అందుబాటులోకి వచ్చాక కొత్త కేసులు బాగా తగ్గాయి. ఖేసరి సాగు మాత్రం ఆగలేదు.

వంటింట్లో ఏం చేయవచ్చు

ఓడాప్ నీటిలో కరుగుతుంది కాబట్టి, దాన్ని కడిగి వదిలించవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960లలో ఇంట్లో చేసుకోగల పద్ధతులను రూపొందించారు. గింజలను బాగా మరిగిన ఎక్కువ నీటిలో గంటకు పైగా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. ఇలా చేస్తే విషంలో చాలా భాగం పోతుంది. అసలు మెలకువ నీటిని పారబోయడంలోనే ఉంది. కుక్కర్‌లో పెట్టి, ఉడికిన నీటితో సహా పప్పు చేసుకుంటే విషం గిన్నెలోనే ఉంటుంది. వేయించడం వల్ల కొంతే తగ్గుతుంది.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. పారబోసే నీటితోపాటు బి విటమిన్లూ పోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు, దీనికి నీళ్లు, కట్టెలు పుష్కలంగా కావాలి. ఖేసరి మీదే బతికే రోజుల్లో కరువయ్యేవి సరిగ్గా అవే.

నిషేధం, కొత్త వంగడాలు, కల్తీ

కేంద్ర ప్రభుత్వం 1961లో ఖేసరి అమ్మకాన్ని నిషేధించింది. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనూ ఆ నిషేధం కొనసాగింది. సాగు మీద దేశమంతటా ఇలాంటి కట్టడి లేదు. బజారులో బహిరంగంగా అమ్మలేని పంట సొంత తిండికి, పశువుల మేతకు, కల్తీకి మళ్లింది. నిషేధం పట్నం వినియోగదారును ఉద్దేశించింది. జబ్బు పడేది మాత్రం గింజను కొనే మనిషి కాదు, కూలిగా పుచ్చుకునే మనిషి.

ఈలోగా శాస్త్రవేత్తలు ఓడాప్ తక్కువగా ఉండే వంగడాలను తెచ్చారు. రతన్, ప్రతీక్, మహాతివ్‌రా వాటిలో కొన్ని. వీటిలో ఓడాప్ 0.1 శాతం అటూఇటుగా ఉంటుంది. వీటి ఆధారంగానే నిషేధం ఎత్తివేయవచ్చని 2016లో భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం సిఫారసు చేసింది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. తేనెటీగల వల్ల పక్క పొలంలోని నాటు రకంతో సంకరం జరిగి, రైతు దాచుకున్న విత్తనంలో విషం మళ్లీ పెరగవచ్చు. నీరు అందని ఏడాది ఈ రకాల్లోనూ ఓడాప్ పెరుగుతుంది. గింజను చూసి, రుచి చూసి ఏది ఏ రకమో చెప్పలేం.

కల్తీని మాత్రం కొంతవరకు కంటితోనే పట్టవచ్చు. కందిపప్పు బద్ద గుండ్రంగా ఉంటుంది. ఖేసరి బద్దకు అంచులు తేలి, ఒక వైపు వాలుగా, మరో వైపు చదరంగా ఉంటుంది. శనగపిండిలో కలిస్తే కంటికి తెలియదు. నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పిండిని వేసి, మరుగుతున్న నీటి మీద పావుగంట ఉంచితే గులాబీ రంగు రావడం ఖేసరికి గుర్తు. మెటానిల్ యెల్లో అనే పసుపు రంగు కలిసినా గులాబీ రంగు వస్తుంది, కాబట్టి తుది మాట ప్రయోగశాలదే.

ఇలాంటి కల్తీ మోసం, చట్టవిరుద్ధం. పైన వేసిన లెక్క ప్రకారం, అన్నం, రొట్టె, కూరలు దండిగా తినే ఇంట్లో ఆ కల్తీతో కాళ్లు పడిపోయే అవకాశం చాలా తక్కువ. ఒక ప్రాంతంలో లాథిరిజం పొంచి ఉందో లేదో తెలుసుకోవాలంటే మూడు సంగతులు ఆరా తీయాలి. ఈ ఏడాది అక్కడ ఖేసరి తప్ప మిగతా పంటలు పోయాయా? కూలి ఏ గింజగా ముడుతోంది? ఇళ్లలో ఖేసరి పక్కన ధాన్యం ఉడుకుతోందా? ఈ మూడింటికీ జవాబు చెడుగా ఉంటే, పంట ఇంటికొచ్చిన రెండు మూడు నెలల్లోపే అక్కడికి గోధుమో బియ్యమో చేరాలి. మొదటి మనిషి కాళ్లు బిగిశాక పంపే ధాన్యం మిగతావారిని కాపాడుతుంది, అతన్ని మాత్రం మళ్లీ నడిపించలేదు.